63 డిగ్రీలు, 30 నిమిషాలు: గిన్నెలో గిన్నె పెట్టి ఇంట్లో పాలు పాశ్చరైజ్ చేయడం

మేం ఉండేది ఒడిశాలోని కోరాపుట్ ఊరి చివర. ఇంట్లో రెండు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. పూటకు అయిదు లీటర్ల దాకా మాకు మిగులుతాయి. రెండేళ్ళుగా సాయంత్రం పాలను కాచకుండా పాశ్చరైజ్ చేస్తున్నాను. ఇందులో మొదటి కొన్ని వారాలు నేను చేసింది తప్పు. ఆ తప్పు మా ఊరి ఎత్తు వల్ల వచ్చింది. కోరాపుట్, సునాబెడా, జయపురం లాంటి ఎత్తు ప్రాంతాల్లో ఉండే తెలుగువాళ్ళు ఎవరైనా అదే తప్పు చేయవచ్చు. అందుకే ముందు అది చెప్పి తర్వాత పద్ధతిలోకి వెళ్తాను.

థర్మామీటర్ కొత్తగా కొన్నప్పుడు దాన్ని మరిగే నీళ్ళలో పెట్టి చూడమని ఎక్కడో చదివాను. 100 చూపించాలట. నాది 97 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు తెర్లించినా 97 దాటలేదు. "సరే, ఇది 3 డిగ్రీలు తక్కువ చూపిస్తోంది" అనుకున్నాను. పాలకు కావాల్సింది 63 కాబట్టి థర్మామీటర్‌లో 60 వస్తే చాలని లెక్కేసుకున్నాను. అలా 60 దగ్గరే అరగంట ఉంచుతూ వచ్చాను. పాలు ఫ్రిజ్‌లో పెట్టినా మూడో రోజుకే వాసన మారిపోయేవి. సీసాలు సరిగా కడగడం లేదేమో అని వాటిని పదే పదే ఉడకబెట్టేదాన్ని.

మా మరిది ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాడు. పండక్కి వచ్చినప్పుడు వంటగదిలో నిలబడి చూసి, "వదినా, ఇక్కడ నీళ్ళు నూటికి మరగవు కదా, మనం 870 మీటర్ల ఎత్తులో ఉన్నాం" అన్నాడు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీళ్ళు ముందే మరిగిపోతాయి. కోరాపుట్‌లో నీళ్ళు మరిగేది 97 దగ్గరే. అంటే నా థర్మామీటర్ సరిగ్గానే ఉంది. నేనే దానికి లేని తప్పు అంటగట్టి, పాలను 3 డిగ్రీలు తక్కువలో ఉంచాను. తర్వాత అదే థర్మామీటర్‌ను విశాఖలో మా అక్క ఇంటికి తీసుకెళ్ళి మరిగే నీళ్ళలో పెట్టి చూశాను. 99.8 చూపించింది.

3 డిగ్రీలంటే చిన్న తేడా అనిపిస్తుంది, కానీ పాల విషయంలో కాదు. సూక్ష్మజీవులు చావడానికి పట్టే సమయం వేడితో పాటు చాలా వేగంగా మారిపోతుంది. 63 దగ్గర 30 నిమిషాల్లో జరిగే పని 60 దగ్గర జరగాలంటే సుమారుగా మూడు నాలుగు రెట్ల సమయం కావాలి. 1950లలో అమెరికాలో ఈ ప్రమాణాన్ని పెంచినప్పుడు కూడా తేడా ఒక్క డిగ్రీయే. 61.7 దగ్గర అరగంట ఉంచిన పాలలో క్యూ ఫీవర్ తెచ్చే బాక్టీరియా బతికి ఉండవచ్చని తేలడంతో దాన్ని 62.8కి తెచ్చారు. మనం చెప్పుకునే 63 అదే. అందుకే ఈ పనిలో థర్మామీటర్ పరీక్షకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కాచితే సరిపోదా?

మా అత్తయ్య మొదటి రోజు అడిగిన ప్రశ్న ఇదే. సరిపోతుంది. పచ్చిపాలను పొంగు వచ్చేదాకా కాచి తాగితే రోగాల భయం ఉండదు. మా ఎత్తులో 97 దగ్గర మరిగినా అది 63 కన్నా చాలా ఎక్కువే. థర్మామీటర్ లేనివాళ్ళు, ఇంత ఓపిక లేనివాళ్ళు కాచుకోవడమే మంచిది.

పాశ్చరైజ్ చేయడానికి నాకున్న కారణాలు రెండు. ఒకటి, మా అమ్మాయి చీజ్ చేస్తుంది. బాగా కాచిన పాలు, చీజ్ కోసం తోడు బదులు వాడే రెన్నెట్ వేస్తే గట్టిగా తోడుకోవు. వేడి 75 దాటితే పాల నీటిలో ఉండే ప్రోటీన్లు విరిగి, అసలు తోడుకోవాల్సిన ప్రోటీన్‌కు అతుక్కుపోతాయి. ముద్ద మెత్తగా, జారుగా వస్తుంది. 63 దగ్గర ఉంచిన పాలకు ఆ ఇబ్బంది ఉండదు. రెండోది రుచి. చల్లటి పాలు తాగేవాళ్ళకు కాచిన వాసన లేని పాలు ఇష్టం.

పెరుగుకు మాత్రం ఈ పాలు అంత బాగుండవు. గట్టి పెరుగు రావాలంటే అవే ప్రోటీన్లు విరగాలి. దానికి 85 పైగా వేడి కావాలి. మా ఇంట్లో పెరుగుకు పాలు విడిగా, మామూలుగానే కాస్తాం.

72 దగ్గర 15 సెకన్లు అనే ఇంకో లెక్క కూడా ఉంది. డెయిరీలు చేసేది అదే. అక్కడ పాలు పలుచటి రేకుల మధ్య నుంచి పారుతూ, ప్రతి చుక్కా ఒకే వేడికి చేరుతుంది. గిన్నెలో అలా జరగదు. అడుగున 74 ఉంటే పైన 69 ఉండవచ్చు. ఇంటి థర్మామీటర్ సరైన అంకె చూపించడానికే పది సెకన్లు పడుతుంది. ఆ 15 సెకన్లు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో మనం చెప్పలేం. గిన్నెకు తగిన లెక్క 63 దగ్గర 30 నిమిషాలే.

థర్మామీటర్ పరీక్ష

జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు. దాని లెక్క 42 దగ్గరే ఆగిపోతుంది. పాదరసం ఉన్న గాజు థర్మామీటర్ ఏదీ పాలలో పెట్టకండి, పగిలితే ఆ పాలు పారబోయాల్సిందే. పొడవాటి స్టీలు పుల్ల ఉన్న డిజిటల్ ప్రోబ్ థర్మామీటర్ కొనండి. అందులో పుల్ల ఒకచోట, అంకెలు కనబడే డబ్బా ఇంకోచోట ఉండి, మధ్యలో వైరు ఉండే రకమైతే ఇంకా మంచిది. మూత తీయకుండానే వేడి తెలుస్తుంది.

మొదట ఐసు పరీక్ష. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, ఖాళీలు నిండేంత వరకే చల్లటి నీళ్ళు పోయండి. ఐసు తేలిపోయేంత నీళ్ళు పోయకూడదు. బాగా కలిపి మూడు నిమిషాలు ఆగి, ప్రోబ్‌ను మధ్యలో, గ్లాసు గోడకు తగలకుండా పట్టుకోండి. 0 చూపించాలి. ఎత్తుతో దీనికి పని లేదు. కోరాపుట్ అయినా విశాఖ అయినా 0 అంటే 0. నేను మొదటే ఈ పరీక్ష చేసి ఉంటే థర్మామీటర్ మంచిదేనని అప్పుడే తెలిసేది.

తర్వాత మరిగే నీళ్ళ పరీక్ష. ముందుగా మీ ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో కనుక్కోండి. రైల్వే స్టేషన్ పేరు బోర్డు మీద అడుగున రాసి ఉంటుంది, ఫోన్‌లోనూ దొరుకుతుంది. ఎత్తును 300తో భాగించి, వచ్చిన అంకెను 100లోంచి తీసేయండి. కోరాపుట్‌కు 870 మీటర్లు అనుకుంటే 2.9 వస్తుంది, నీళ్ళు 97.1 దగ్గర మరగాలి. మైదానంలో ఉన్న బరంపురం వాళ్ళకు దాదాపు 100 చూపించాలి. వాతావరణాన్ని బట్టి రెండు మూడు పదో వంతులు అటూ ఇటూ కావడం మామూలే.

ఇప్పుడు నేను వాడే థర్మామీటర్ ఐసులో 0.4, మరిగే నీళ్ళలో 97.6 చూపిస్తుంది. రెండు చోట్లా అర డిగ్రీ దాకా ఎక్కువ చూపిస్తోందన్నమాట. కాబట్టి అది 63.5 చూపించినప్పుడే పాలు నిజంగా 63కి వచ్చినట్టు. నేను ఆ అర డిగ్రీ మీద కూడా ఆధారపడను. 65 చూపించేలా ఉంచి, 64 కిందికి దిగనివ్వను. ఈ పరీక్ష నెలకోసారి, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ, ప్రోబ్ కింద పడిన ప్రతిసారీ చేస్తాను.

ఏ పాలు తీసుకోవాలి

వేడి అన్నిటినీ బాగు చేయదు. పాలు బయట ఎక్కువసేపు ఉండిపోతే కొన్ని సూక్ష్మజీవులు పెరుగుతూ విషాన్ని వదులుతాయి. ఆ జీవులు 63 దగ్గర చచ్చినా, అవి వదిలిన విషం అలాగే ఉంటుంది. అందుకే పితికిన రెండు గంటల్లోపే పాలు పొయ్యి ఎక్కాలి, లేదా వెంటనే ఐసునీళ్ళలో చల్లబడాలి. పొదుగువాపు ఉన్న ఆవు పాలు, ఇంజెక్షన్ పొదుగులోకి ఎక్కించిన ఆవు పాలు ఇందులో కలపకూడదు. మందు పాలలోకి వస్తుంది, వేడి చేసినా పోదు. ఎన్ని రోజులు ఆపాలో ఆ మందు అట్ట మీదే రాసి ఉంటుంది. ఈసుకుపోయిన ఆవు పాలైతే, పశువుల డాక్టరు బ్రూసెల్లా బాక్టీరియా ఉందేమో పరీక్ష చేసి చెప్పేదాకా చీజ్‌కు వాడను.

పొయ్యి మీద పెట్టే ముందు చిన్న పరీక్ష ఒకటి చేస్తాను. ఒక స్టీలు గరిటెలో రెండు చెంచాల పాలు తీసుకుని, మంట మీద పట్టుకుని మరిగిస్తాను. చిన్న చిన్న పలుకులు కనిపిస్తే ఆ పాలు అప్పటికే పులిసిపోతున్నాయని అర్థం. వాటిని పాశ్చరైజ్ చేయను. తాగడానికీ పనికిరావు. వేసవిలో ఒకసారి వర్షంలో చిక్కుకుని పాలు ఇంటికి ఆలస్యంగా వచ్చాయి. చూడ్డానికీ, వాసనకూ బాగానే ఉన్నాయి. గరిటెలో పలుకులు కట్టాయి.

గిన్నెలు

లోపలికి 7 లీటర్ల స్టీలు తపేలా, బయటికి 15 లీటర్ల అల్యూమినియం డేగిసా వాడతాను. లోపలి గిన్నె చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి. అది అడుగుకు ఆనకుండా కుక్కర్‌లో వేసే చిల్లుల రేకు కింద వేస్తాను. ఆ రేకు లేకుండా పెడితే డేగిసా అడుగు వేడి నేరుగా తపేలాకు తగులుతుంది. అప్పుడు గిన్నెలో గిన్నె పెట్టడం వల్ల ఉపయోగం ఏమీ ఉండదు, అడుగున పాలు మాడతాయి.

బయటి నీళ్ళ మట్టం లోపలి పాల మట్టం కన్నా ఒక అంగుళం పైనే ఉండాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు. నీళ్ళ మట్టం కన్నా పైన ఉన్న పాలు గది గాలికి చల్లబడుతూనే ఉంటాయి. 5 లీటర్ల పాలకు నా గిన్నెల్లో 6 లీటర్ల నీళ్ళు పడతాయి.

పొయ్యి వెలిగించే ముందు తపేలా, రెండు మూతలు, గరిటె, ప్రోబ్ పుల్ల, నింపే గరాటు, సీసాలు అన్నిటినీ సబ్బుతో కడిగి, మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచాలి. ప్రోబ్ పుల్లను మాత్రమే ముంచాలి, వైరు అతుకు దగ్గర నీళ్ళు వెళ్తే పాడవుతుంది. రెండు మూతలు ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఒక సాయంత్రం, 5 లీటర్లు

నా పుస్తకంలో రాసుకున్న ఒక రోజు లెక్కే ఇక్కడ చెప్తాను. 5:50కి పితకడం అయింది. పలుచటి గుడ్డ మడత వేసి వడకట్టాను. గరిటె పరీక్ష బాగానే ఉంది. బయటి డేగిసాలో నీళ్ళు అప్పటికే చేతికి వేడిగా తగిలేలా కాగి ఉన్నాయి. 6:10కి పాలు లోపల పెట్టాను, అప్పుడు 33 డిగ్రీలు.

మంట పెద్దగానే పెట్టి, పాలను ఆగకుండా నెమ్మదిగా కలుపుతూ ఉన్నాను. చిలికినట్టు కలపకూడదు, నురుగు వస్తుంది. అడుగు నుంచి పైకి తెచ్చేలా, ఎనిమిది అంకె రాసినట్టు కలిపితే బాగుంటుంది. ప్రోబ్ కొన పాల మధ్యలో ఉండాలి, అడుగుకు ఆనితే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. దాన్ని గిన్నె అంచుకు క్లిప్పుతో కట్టి వదిలేస్తాను, మధ్యలో తీయను. తీసి బల్ల మీద పెట్టి మళ్ళీ ముంచితే, బల్ల మీదున్నవన్నీ పాలలోకి వస్తాయి. గరిటె కూడా అంతే, మొదటి నుంచి చివరి దాకా పాలలోనే ఉంటుంది.

6:28కి 58 వచ్చింది. అప్పుడు మంట సిమ్‌లో పెట్టాను. బయటి నీళ్ళు పాల కన్నా చాలా వేడిగా ఉంటాయి కాబట్టి మంట తగ్గించినా పాలు ఇంకో ఐదారు డిగ్రీలు వాటంతట అవే ఎక్కుతాయి. 63 వచ్చేదాకా పెద్ద మంట పెట్టినవాళ్ళ పాలు 70 దాటిపోతాయి. 6:35కి 65 వచ్చింది.

గడియారం ఇంకా మొదలుపెట్టలేదు. ముందు పైనున్న నురుగును ఒక శుభ్రమైన చెంచాతో తీసేశాను. నురుగులో ఉన్నది ఎక్కువగా గాలి, దానికి వేడి సరిగా అందదు. గిన్నె లోపలి గోడల మీద చిందిన పాలను కూడా గరిటెతో వేడి పాలు పోసి కిందికి దింపాను. పెద్ద పాశ్చరైజర్లలో పాల పైనున్న గాలిని కూడా విడిగా వేడి చేస్తారు. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు కాబట్టి మూత పెట్టి, దాని మీద మందపాటి తువ్వాలు మడత వేయాలి. లోపలి ఆవిరితో పైభాగం కూడా వేడెక్కుతుంది. 6:37కి మూత వేసి, 65 చూసి, అప్పుడు గడియారం మొదలుపెట్టాను.

ఆ తర్వాత అరగంటలో పెద్దగా పనేమీ లేదు, కానీ వదిలి వెళ్ళకూడదు. ఐదు నిమిషాలకోసారి మూత ఒక పక్కకు తెరిచి, నాలుగైదుసార్లు కలిపి మూసేస్తాను. ప్రతిసారీ వేడి రాసుకుంటాను. ఆ రోజు 65.0, 65.4, 65.1, 64.6 వచ్చాయి. అప్పటికి మంట పూర్తిగా ఆపేసి ఉంది. 64.6 చూడగానే రెండు నిమిషాలు సిమ్‌లో వెలిగించాను. మళ్ళీ 65.2కి వచ్చింది. నా గిన్నెల్లో మంట ఆపి మూత పెట్టి ఉంచితే సుమారు ఎనిమిది నిమిషాలకు ఒక డిగ్రీ దిగుతుంది. మీ గిన్నెలకు అదెంతో ఒకసారి ఉత్త నీళ్ళతో చేసి చూసుకోండి. అది తెలిస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

మధ్యలో ఎప్పుడైనా 63 కిందికి దిగితే, మిగిలిన నిమిషాలు మాత్రమే చేస్తే కుదరదు. మళ్ళీ 65కి తెచ్చి, 30 నిమిషాలు మొదటి నుంచి లెక్కపెట్టాలి. ఒకసారి 22వ నిమిషంలో గ్యాస్ అయిపోయింది. సిలిండర్ మార్చేసరికి 62.3కి వచ్చింది. ఆ రోజు మొత్తం యాభై నిమిషాల పైనే పట్టింది. అలాగే మధ్యలో "ఈ అర లీటరు కూడా వేసేయ్" అని ఎవరైనా పచ్చిపాలు తెస్తే, ఆ పాలు పోసిన క్షణం నుంచి లెక్క మళ్ళీ సున్నా.

గేదె పాలకూ ఇదే లెక్క. వెన్న ఎక్కువ కాబట్టి మీగడ త్వరగా పైకి తేలుతుంది, ఇంకాస్త తరచుగా కలపాలి. మీగడను విడిగా తీసి చేసినా, పంచదార కలిపిన పాలైనా 63 చాలదు. కొవ్వు, పంచదార సూక్ష్మజీవులకు కొంత రక్షణ ఇస్తాయి. వాటికి 66 ఉండాలి.

చల్లార్చడం

7:07కి 30 నిమిషాలు అయ్యాయి. ఇక్కడ తొందర అవసరం. 50 నుంచి 10 డిగ్రీల మధ్య పాలు ఎంతసేపు ఉంటే, బతికి మిగిలిన జీవులు అంత పెరుగుతాయి. పాశ్చరైజ్ చేసినా కొన్ని బాక్టీరియాల బీజాలు బతికే ఉంటాయి. ఆ పాలు స్టెరైల్ కావు.

ముందు మూత మార్చాను. ఇంతసేపు పైన ఉన్న మూత మొదట పచ్చిపాల ఆవిరిని తాకింది, అది పాల అంత వేడెక్కిందన్న నమ్మకం లేదు. మరిగే నీళ్ళలో పెట్టి ఉంచిన రెండో మూత వేశాను. గరిటె కూడా అంతే, పిడి పైభాగం ఎప్పుడూ వేడెక్కదు. దాన్ని తీసి పక్కన పెట్టేశాను. ఇక్కడి నుంచి అవసరమైతే మరిగించిన కొత్త గరిటె మాత్రమే వాడతాను.

తపేలాను ఎత్తి పంపు నీళ్ళు పోసిన టబ్బులో పెట్టాను. ఐదు నిమిషాలకోసారి నీళ్ళు మారుస్తూ, గిన్నెను పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ ఉంటే 7:22కి 30కి దిగింది. చలికాలంలో మా పంపు నీళ్ళతోనే 20 దాకా వస్తాయి, ఆ సుఖం మైదానంలో వాళ్ళకు ఉండదు. తర్వాత ఐసు. 5 లీటర్ల పాలను 30 నుంచి 5కి దింపాలంటే లెక్క ప్రకారం కిలోన్నర ఐసు కరగాలి. టబ్బు నీళ్ళు, గిన్నె, గది వేడి కూడా కలుపుకుంటే 3 కిలోలు కావాలి. నేను ఫ్రీజర్‌లో ఒక లీటరు సీసాలు నాలుగు గడ్డకట్టించి ఉంచుతాను. సంతలో చేపల దగ్గర అమ్మే ఐసు కూడా బయటి టబ్బులో వాడొచ్చు, కానీ ఆ నీళ్ళు ఒక్క చుక్క కూడా పాలలో పడకూడదు. టబ్బు నీళ్ళ మట్టం గిన్నె అంచుకు మూడు వేళ్ళు కింద ఉండాలి. 7:50కి 6 డిగ్రీలు వచ్చింది.

మరిగించిన సీసాలు, అప్పటికి ఆరిపోయినవి, గరాటుతో నింపి మూత బిగించాను. సీసా అంచును గాని, మూత లోపలి వైపును గాని చేత్తో తాకకూడదు. గాజు సీసాను వేడిగా ఉండగా చల్లటి పాలతో నింపితే పగులుతుంది. సీసా మీద తేదీ రాసి, ఫ్రిజ్‌లో వెనక వైపు పెట్టాలి. తలుపు అరల్లో వేడి ఎప్పుడూ ఎక్కువే. 4 డిగ్రీల దగ్గర ఉంటే ఐదు రోజులు హాయిగా ఉంటాయి. కరెంటు గంటల కొద్దీ పోయే రోజుల్లో నేను మూడు రోజులకు మించి ఉంచను. పాలు గోరువెచ్చగా మారితే కాచి అప్పుడే వాడేయాలి.

ఎక్కడ తప్పు జరిగిందో పాలు చెప్తాయి

ప్రతి విడత నుంచి ఒక చిన్న సీసా పక్కన పెట్టి, ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. మూడో రోజు నుంచి రోజుకు రెండు చెంచాలు తీసి గరిటెలో మరిగించి చూస్తాను. అది ఏ రోజు పాడవుతుందో రాసుకుంటే పనిలో లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

కాచిన వాసన వచ్చిందంటే 75 దాటిపోయారు. తాగడానికి ఏమీ కాదు, చీజ్‌కు మాత్రం వాడకండి. మర్నాడే పాడైతే వేడి సరిపోలేదు, లేదా చల్లార్చడం గంటల కొద్దీ సాగింది. నేను 60 దగ్గర ఉంచిన రోజుల్లో నా పాలు మూడో రోజుకు పోయేవి, 65కి వచ్చాక అవే సీసాలతో ఆరో రోజు దాకా నిలిచాయి. నాలుగో రోజు చేదు వస్తే ఎక్కువగా అది సీసా, గరాటు లేదా మూత దగ్గర జరిగిన తప్పు. వేడి చేశాక పాలలోకి దిగిన జీవులు చలిలో కూడా పెరుగుతాయి. పులుపు లేకుండానే టీలో విరిగిపోయే పాలు కూడా ఉంటాయి. అది వేడికి చావని బీజాల పని. అవి ఎక్కువగా పొదుగుకు అంటిన మట్టి, పేడ నుంచి వస్తాయి. అలా జరిగితే పొయ్యి దగ్గర వెతక్కుండా, పితికే ముందు పొదుగు కడిగి ఆరబెట్టడం చూసుకోవాలి.

ఇంకో విషయం. పచ్చిపాలు పాడైతే పులుస్తాయి, పులుపుతో మనకు వెంటనే తెలిసిపోతుంది. పాశ్చరైజ్ చేసిన పాలలో పులిపించే జీవులు చాలావరకు చచ్చిపోతాయి కాబట్టి అవి పులవకుండానే చెడిపోవచ్చు. "పులవలేదు కదా, బాగున్నట్టే" అనుకోకండి. వాసన, రుచి, గరిటె పరీక్ష మూడూ చూడండి. మా అత్తయ్య ఇప్పుడు చీజ్ పాల సీసా తీసే ముందు మూత విప్పి వాసన చూసి, ఏ రోజు తేదీ రాసి ఉందో నన్ను పిలిచి అడుగుతుంది.